గొడవయ్యాక ఆయన మౌనం: తేరుకోవడానికా, సాధించడానికా?

ప్రశ్న: "పెళ్లయి ఆరేళ్లయింది. గొడవ జరిగిన ప్రతిసారీ మా ఆయన మాట్లాడటం మానేస్తారు. ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. అడిగితే 'నన్ను కాస్త వదిలెయ్' అంటారు. నిజంగానే ఆయనకు టైమ్ కావాలా, లేక నన్ను శిక్షిస్తున్నారా? తేడా ఎలా తెలుస్తుంది?"

సమాధానం:

మౌనం ఎంతసేపు ఉందన్నది కాదు, ఎలా ముగిసిందన్నది చూడండి. తేరుకోవడానికి సమయం కావాల్సిన మనిషి చల్లబడ్డాక తనంతట తానే గొడవపడిన విషయం దగ్గరికి తిరిగొస్తాడు. గోడ కట్టుకున్న మనిషి మళ్లీ మాట కలుపుతాడు, మామూలుగా ఉంటాడు, కానీ ఆ విషయం జోలికి మాత్రం రాడు. శిక్షించే మనిషి మీరు తగ్గేదాకా మాటే కలపడు. మీరు రెండు రకాలే అనుకున్నారు, నేను మూడు చెప్పాను. ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఆ మధ్య రకమే, వాళ్లనే అందరూ తప్పుగా అర్థం చేసుకుంటారు.

నేను పద్నాలుగేళ్లుగా భార్యాభర్తలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లకు ముందుగా ఒకటి చెబుతాను. మౌనంగా ఉన్న ముఖాన్ని చూసి లోపల ఏముందో చెప్పలేరు. నాకూ చేతకాదు. ఆ సంగతి నాకు ఒక చిన్న పరికరం నేర్పింది.

వేలికి తగిలించి నాడి చూసే ఆక్సీమీటర్ ఉంటుంది కదా, దాన్ని సెషన్‌లో వాడటం మొదలుపెట్టిన కొత్తలో ఒక జంట వచ్చారు. ఆవిడ మాట్లాడుతున్నారు, గొంతు పెరుగుతోంది, కళ్లలో నీళ్లు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, చూపు కార్పెట్ మీద పెట్టి కూర్చున్నారు. ముఖంలో కదలిక లేదు. "చూశారుగా, నేను ఏడుస్తున్నా ఈయనకు చీమ కుట్టినట్టైనా లేదు" అన్నారు ఆవిడ. నేను ఆయన వేలి మీదున్న అంకె చూశాను. వచ్చి కూర్చున్నప్పుడు 76. ఇప్పుడు 114. ఆ పరికరాన్ని ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "ఇంత కొట్టుకుంటోందా?" అని ఆయన్నే అడిగారు.

కదలకుండా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటోందంటే ఒళ్లు పరుగుకో పోట్లాటకో సిద్ధమైపోయిందన్నమాట. దంపతుల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన జాన్ గాట్‌మన్ దీన్ని ఫ్లడింగ్ అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే ఉక్కిరిబిక్కిరైపోవడం. ఆ స్థితిలో ఎదుటివాళ్ల మాట చెవిన పడుతుంది గానీ బుర్రకెక్కదు. జవాబు వెతుక్కుందామంటే మాట దొరకదు. దొరికినా అది ఎదుటివాళ్లను పొడిచే మాటే అవుతుంది. అందుకే చాలామంది "నోరు తెరిస్తే ఇంకా పెద్దదవుతుంది" అని మూసుకుంటారు. వాళ్ల దృష్టిలో అది గొడవను ఆపే పని. మీ దృష్టిలో అది ముఖం మీద తలుపు వేయడం. ఇద్దరూ చెప్పేది నిజమే.

గాట్‌మన్ ప్రయోగశాలలో చేసిన ఒక పని నేను దాదాపు ప్రతి జంటకూ చెబుతాను. గొడవ పడుతున్న దంపతులను మధ్యలో ఆపి, పరికరాలు సరిచేయాలని చెప్పి, గొడవ ఊసెత్తకుండా అరగంట పాటు పత్రికలు చదువుకోమన్నారు. తర్వాత మళ్లీ అదే విషయం మాట్లాడమంటే, గుండె వేగం తగ్గిన ఆ మనుషులే చాలా మెరుగ్గా మాట్లాడుకున్నారు. వాళ్లకు ఎవరూ ఏ సలహా ఇవ్వలేదు, కేవలం ఒళ్లు చల్లబడింది. అందుకే విరామం కనీసం ఇరవై నిమిషాలు ఉండాలంటారు. నేనైతే అరగంట కంటే తక్కువ పెట్టుకోనివ్వను.

అలాగైతే అరగంటలో చల్లబడే ఒళ్లు నాలుగు రోజుల మౌనం ఎందుకు పట్టిస్తోంది? మీ ప్రశ్నకు అసలు కీలకం ఇక్కడుంది.

ఒక కారణం ఏమిటంటే, ఆయన బయటికి మౌనంగా ఉన్నారు గానీ లోపల గొడవ ఆగలేదు. "నన్ను అంత మాట అంటుందా, ఇన్ని చేశానే, అయినా నేనే తప్పా" అని అదే మళ్లీ మళ్లీ నడుస్తూ ఉంటుంది. అలా నెమరువేస్తున్నంతసేపూ ఒళ్లు చల్లబడదు. గదిలో ఒంటరిగా కూర్చున్నా గొడవలో ఉన్నట్టే. పత్రికలు చదివిన అరగంట పని చేసింది అందుకే, అక్కడ మనసు వేరే దాని మీద పడింది.

ఇంకో కారణం నేను మగవాళ్ల నోటి నుంచి ఎక్కువ విన్నాను, ఆడవాళ్ల నుంచీ విన్నాను. కోపం మొదటి రాత్రికే పోతుంది. పొద్దున్నే మాట్లాడాలనే ఉంటుంది. కానీ మాట ఎలా కలపాలో తెలియదు. "సారీ" అంటే మొత్తం తప్పు నాదే అని ఒప్పుకున్నట్టవుతుందేమో. ఏమీ జరగనట్టు పలకరిస్తే "సిగ్గు లేదా" అంటుందేమో. విషయం ఎత్తితే మళ్లీ మొదలవుతుందేమో. ఇలా ఒక రోజు గడిస్తే రెండో రోజు ఇంకా కష్టం, ఎందుకంటే ఇప్పుడు గొడవకే కాదు, నిన్నటి మౌనానికి కూడా సంజాయిషీ చెప్పుకోవాలి. చివరికి నాలుగో రోజు "కరెంటు బిల్లు కట్టావా" లాంటి ఒక మాట దొరుకుతుంది. దానికి మీరు జవాబిస్తారు. హమ్మయ్య అనుకుని ఇద్దరూ బయటపడతారు. గొడవపడిన విషయం మాత్రం అక్కడే ఉంటుంది, వచ్చే నెల మళ్లీ అదే లేస్తుంది. ఇదే నేను గోడ అన్నది. ఇందులో దుర్బుద్ధి ఉండనక్కర్లేదు. కానీ దుర్బుద్ధి లేనంత మాత్రాన మీకు జరిగే నష్టం తగ్గదు. ఆ నాలుగు రోజులూ మీరు ఏం తప్పు చేశానా అని తూకం వేసుకుంటూనే ఉన్నారు కదా.

కాబట్టి ఉద్దేశం ఏమిటని ఆయన మనసు తవ్వకండి. బయటికి కనిపించేది రాసుకోండి. నేను నా దగ్గరికి వచ్చేవాళ్ల చేత నాలుగైదు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టిస్తాను. ప్రతి గొడవకూ మూడు సమయాలు. మాట ఎప్పుడు ఆగింది, మామూలు మాటలు ఎప్పుడు మొదలయ్యాయి, అసలు విషయం మళ్లీ ఎప్పుడు, ఎవరు ఎత్తారు. అంతే. వ్యాఖ్యానాలు వద్దు, "కావాలనే చేశాడు" లాంటివి అసలే వద్దు.

ఒక జంట లెక్క చెబుతాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. భర్త తన స్నేహితుడికి పెద్ద మొత్తం అప్పుగా ఇచ్చారు, భార్యకు చెప్పలేదు. ఆవిడకు బ్యాంకు మెసేజ్ చూశాక తెలిసింది. మొదటి గొడవ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు. పది నిమిషాల్లో ఆయన లేచి ఇంకో గదిలోకి వెళ్లిపోయారు. మామూలు మాటలు సోమవారం పొద్దున, పిల్లాడి స్కూలు ఫీజు గురించి. మూడో గడి ఖాళీ. రెండో వారం ఆవిడే మళ్లీ ఎత్తారు, ఐదు నిమిషాల్లో మాట ఆగింది, రెండు రోజుల తర్వాత మాటలు కలిశాయి, మూడో గడి మళ్లీ ఖాళీ. అలా నాలుగు గొడవలు, నాలుగు ఖాళీలు.

ఆవిడ ఆ పుస్తకం నా ముందు పెట్టి "చూడండి, శిక్షిస్తున్నాడు" అన్నారు. నేను ఆయన్ని ఒక్కటే అడిగాను, "సోమవారం పొద్దున ఫీజు గురించి మాట్లాడినప్పుడు మీకు కోపం ఉందా?" లేదన్నారు. శనివారం పొద్దున్నే పోయిందన్నారు. "మరి శనివారం ఎందుకు మాట్లాడలేదు?" చాలాసేపటికి ఆయన అన్నది ఇది: "డబ్బు తిరిగి రాదేమోనని నాకే భయంగా ఉంది. ఆ మాట తన ముందు అంటే ఇక నేను ఎక్కడ నిలబడాలి?" ఆవిడ శిక్ష అనుకున్నదాని వెనుక ఉన్నది సిగ్గు.

వాళ్లకు నేను చేయించింది పెద్ద విద్యేమీ కాదు. గొడవ లేని ఒక సాయంత్రం కూర్చుని విరామానికి నియమం పెట్టుకోమన్నాను. ఎవరైనా ఆపమనొచ్చు, కానీ ఆపమన్నవాళ్లు తిరిగొచ్చే సమయం చెప్పి వెళ్లాలి, ఆ సమయానికి వాళ్లే వచ్చి మొదలుపెట్టాలి. "నన్ను వదిలెయ్" అన్నది చెల్లదు. "నాకు ఇప్పుడు ఏమీ తోచడం లేదు, రేపు సాయంత్రం ఏడింటికి ఈ అప్పు సంగతి మాట్లాడదాం" అన్నది చెల్లుతుంది. అరగంటకు తగ్గకూడదు, ఒక రోజు దాటకూడదు. ఆ మధ్యలో మామూలు మాటలు ఆగకూడదు. "పిల్లాణ్ణి నువ్వు తెస్తావా, నేను తేవాలా" అంటే జవాబు రావాలి. తిరిగొచ్చాక మొదటి వాక్యం వాదన కాకూడదు, "నువ్వు అన్నదాంట్లో నాకు అర్థమైంది ఇది" అని మొదలుపెట్టాలి. ఆ వాక్యం ఆయనకు చాలా పనికొచ్చింది, మాట ఎలా కలపాలన్న బెంగ తీరిపోయింది కాబట్టి.

మొదటిసారి ఆయన చెప్పిన సమయానికి రాలేదు, గంటన్నర ఆలస్యం. రెండోసారి వచ్చారు గానీ ఏడు నిమిషాలకే మళ్లీ ఆపమన్నారు. అది వైఫల్యం కాదని ఆవిడకు నచ్చజెప్పడానికి నాకు ఒక సెషన్ పట్టింది. ఏడు నిమిషాలు మాట్లాడి, మళ్లీ సమయం చెప్పి వెళ్లారు, అది చూడమన్నాను. ఐదో గొడవకు మూడో గడిలో ఆవిడ రాసుకొచ్చారు: "మంగళవారం, రాత్రి ఎనిమిది. ఆయనే."

ఇప్పుడు మూడో రకం. దీనికి గుర్తులు వేరేగా ఉంటాయి, ఒకసారి తెలిస్తే పొరపాటు పడరు. ఉక్కిరిబిక్కిరైన మనిషి అందరితోనూ ముభావంగానే ఉంటాడు. శిక్షించే మనిషి ఫోన్‌లో స్నేహితులతో నవ్వుతూ మాట్లాడి, మీరు గదిలోకి రాగానే ముఖం బిగిస్తాడు. ఉక్కిరిబిక్కిరైన మనిషి మీరు ఒక్క అడుగు వెనక్కి వేస్తే తేలికపడతాడు. శిక్షించే మనిషికి మీరు మామూలుగా మీ పని చేసుకుంటూ ఉంటే కోపం పెరుగుతుంది, ఎందుకంటే మీరు బాధపడటమే అక్కడ కావాల్సింది. అన్నిటికంటే గట్టి గుర్తు, మౌనం ఎప్పుడు ముగుస్తుందన్నది. మీరు క్షమాపణ చెప్పిన రోజున, తప్పు మీది కాకపోయినా ఒప్పుకున్న రోజున మాత్రమే ముగుస్తుంటే, అది మిమ్మల్ని దారికి తెచ్చుకునే పద్ధతి.

ఇక్కడ అలక గురించి ఒక్కమాట. అలిగిన మనిషి కూడా మాట్లాడరు, కానీ అలకలో "నా దగ్గరికి రా" అన్న పిలుపు ఉంటుంది. కాస్త బుజ్జగిస్తే కరుగుతుంది. శిక్షించే మౌనాన్ని బుజ్జగిస్తే ఇంకా బిగుసుకుంటుంది. చాలామంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని అలకే అనుకుని బతిమాలుతూ ఉండిపోవడం చూశాను. అది నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆ మౌనంతో పాటు మీ ఫోన్ చూడటం, ఇంటి ఖర్చుకు డబ్బు ఆపేయడం, మిమ్మల్ని మీవాళ్లకు దూరం చేయడం, లేదా ఆయన అడుగుల చప్పుడు వింటేనే మీకు భయం వేయడం లాంటివి ఉంటే, పైన చెప్పిన విరామ నియమాలు మీకు కావు. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లడమూ అప్పుడు సరికాదు, అక్కడ మీరు చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక మూల్యం చెల్లించాల్సి రావచ్చు. నోట్‌బుక్ కూడా ఆయన కంటపడే చోట పెట్టకండి. మీరు ఒక్కరే, మీకు నమ్మకమున్న మనిషితోనో, గృహహింస బాధితులకు సాయం చేసేవాళ్లతోనో ముందు మాట్లాడండి.

మీరు రాసినదాంట్లో అలాంటివేమీ లేవు. కాబట్టి మీ వైపు గురించి కూడా అడుగుతాను, తప్పు మోపడానికి కాదు. ఆయన గదిలోకి వెళ్లిపోయాక మీరేం చేస్తారు? వెనకే వెళ్లి తలుపు కొడతారా? మెసేజ్‌లు పెడతారా? ఒకరు వెంటపడటం, ఇంకొకరు తప్పుకోవడం అన్న ఈ వలయాన్ని ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హీవీ అనే మనస్తత్వ పరిశోధకులు 1990లో ఒక మంచి పద్ధతిలో పరిశీలించారు. ప్రతి జంట చేత రెండు విషయాలు మాట్లాడించారు, ఒకటి భార్య మార్పు కోరుకునేది, ఒకటి భర్త కోరుకునేది. భార్య విషయం వచ్చినప్పుడు భార్య వెంటపడటం, భర్త తప్పుకోవడం స్పష్టంగా కనిపించింది. భర్త విషయం వచ్చినప్పుడు ఆ తేడా కనబడకుండా పోయింది. గాట్‌మన్ చూసిన జంటల్లో గోడ కట్టుకున్నవాళ్లలో దాదాపు 85 శాతం మగవాళ్లే అన్నది నిజమే గానీ, "మగాళ్లంతే" అని వదిలేయడానికి లేదు. మార్పు కావాల్సినవాళ్లు అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలనుకునేవాళ్లకు మౌనం గిట్టుబాటవుతుంది. మీ ఇంట్లో ఆయనకు మార్పు కావాల్సిన విషయం వచ్చినప్పుడు ఎవరు తప్పుకుంటున్నారో ఒకసారి గమనించండి.

వెంటపడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ఒకసారి నేనే ఆ పని చేశాను. ప్రాక్టీస్ మొదలుపెట్టిన రెండో ఏడు, సెషన్‌లో మౌనంగా కూర్చున్న ఒకాయన్ని "మీరు మాట్లాడకపోతే ఇది ముందుకెళ్లదు" అని మూడుసార్లు ఒత్తిడి చేశాను. ఆయన భార్య ఇంట్లో చేస్తున్నదే నేనూ చేశాను. ఆయన మళ్లీ రాలేదు. ఆ జంట విషయంలో నా బాధ్యత సరిగా చేయలేదన్న బాధ ఉంది. ఆ తర్వాతే మౌనం కనిపించగానే మాట ఆపి, ముందు నాడి చూడటం అలవాటు చేసుకున్నాను.

మీరు మొదలుపెట్టాల్సింది ఇలా. గొడవ లేని రోజున, పడుకునే ముందు కాకుండా, ఇద్దరికీ తీరిక ఉన్నప్పుడు చెప్పండి: "గొడవప్పుడు నీకు సమయం కావాలంటే నేను ఆగుతాను, వెనక రాను. కానీ ఎప్పుడు మాట్లాడదామో చెప్పి వెళ్లు. చెప్పకుండా వెళ్తే నాకు భయమేస్తుంది." మీరు ఆయన్ని ఏకవచనంలో పిలవకపోతే మీ అలవాటు ప్రకారం మార్చుకోండి, మూడు ముక్కలూ మాత్రం ఉండాలి: ఆగుతాను, సమయం చెప్పు, చెప్పకపోతే నాకేమవుతుంది. ఆయన సమయం చెప్పినప్పుడు మీరు నిజంగా ఆగాలి. ఆ గంటలు మీకు నరకంలా ఉంటాయని తెలుసు. అయినా ఒక్క మెసేజ్ కూడా ఆ విషయం మీద పెట్టకండి. మీరు మాట నిలుపుకున్నారో లేదో ఆయనా చూస్తుంటారు.

తేరుకోవడానికి సమయం కావాల్సిన మనిషికి ఈ ప్రతిపాదన ఊరటలా ఉంటుంది. తడబడుతూనైనా పట్టుకుంటారు. గోడ అలవాటైన మనిషి "సరే" అంటారు గానీ మొదటి రెండు మూడు సార్లు మరిచిపోతారు. అప్పుడు కోపం తెచ్చుకోకుండా "సమయం చెప్పలేదు" అని ఒక్కసారి గుర్తుచేయొచ్చు. "నాకు షరతులు పెడతావా" అని ఆ ప్రతిపాదన మీదే మళ్లీ నాలుగు రోజులు మాట్లాడకపోతే, మీకు కావాల్సిన సమాధానంలో చాలా భాగం అక్కడే దొరికినట్టు.

ఇంకో చిన్న సంగతి. కొందరు నోటితో మాట్లాడలేరు గానీ రాయగలరు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ, ఆవిడే మౌనంగా ఉండే మనిషి, తిరిగొచ్చే సమయానికి అర పేజీ రాసి భర్త చేతిలో పెట్టి పక్కనే కూర్చునేవారు. ఆయన చదివాక మాట్లాడుకునేవాళ్లు. అది తిరిగి రావడమే, లెక్కలో రాసుకోవచ్చు.

నాలుగు రోజుల మౌనాన్ని "ఆయన స్వభావం" అని సర్దుకోమని మాత్రం నేను చెప్పను. లోపల అదే నెమరువేస్తూ ఉంటే తప్ప అంతసేపు ఒళ్లు ఉక్కిరిబిక్కిరిగా ఉండదు. మొదటి రోజు తర్వాత మిగిలేది సిగ్గో, భయమో, అలవాటో, లేదా మీ మీద పట్టో. మొదటి మూడింటికీ పని చేయొచ్చు. నెల రోజుల లెక్క రాసుకున్నాక వీలైతే ఇక్కడే చెప్పండి. మూడో గడిలో ఎన్ని నిండాయి, వాటిలో ఎన్ని ఆయన ఎత్తినవి, ఆ రెండు అంకెలు ముందు రాయండి.